తిట్లు తిన్న కథకు సామెతల మందు

ఆ రోజుల్లో మా వైపు రాయని మనిషంటూ లేడు. గోడ దొరికినవాడు గోడ మీద రాశాడు, గొంతున్నవాడు పాట కట్టాడు, రెండూ లేనివాడు పక్కవాడి పాటలో ఒక చరణం మార్చి తన పేరు చెప్పుకున్నాడు. సకల జనుల సమ్మె నడిచిన ఆ నెలన్నరలో బడులు లేవు, బస్సులు లేవు, గనుల్లో బొగ్గు ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మిగిలింది కాగితం ఒక్కటే. నేను డైరీ రాసేదాన్ని. అందులో ఒక పేజీ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. నా మొదటి కథను నలుగురి ముందు ఉతికి ఆరేసిన ఒక పెద్దమనిషి గొంతు పోవాలని నేను వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. (శాశ్వతంగా కాదు. "పది దినాలు చాలు స్వామీ" అని గడువు కూడా రాసి ఉంది. కోపంలో కూడా నేను మర్యాద తప్పలేదు.) నాలుగో రోజుకు ఆయన గొంతు పోయింది. నేను అడగగానే జరిగిన పని నా జన్మలో అదొక్కటే. ఆ తర్వాత డిగ్రీ మార్కుల గురించి, చెల్లెలి పెళ్లి గురించి ఎన్నిసార్లు అడిగినా రాజన్న అంత తొందరపడలేదు.

మాది కోరుట్ల. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల ముందు బాగానే మాట్లాడేదాన్ని. పెద్దవాళ్లు కనిపిస్తే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. కిరాణా కొట్టులో శనగపప్పు అడిగితే కందిపప్పు కట్టిస్తే, కాదని చెప్పలేక కందిపప్పే తెచ్చుకున్న రోజులున్నాయి. నాన్న మస్కట్‌లో పనిచేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. ఇంటి పెత్తనం అమ్మకు అన్న అయిన పెద్దమామది. పెద్దమామ దగ్గర డబ్బు లేదు, భూమి లేదు, కాని ప్రతి సందర్భానికీ ఒక సామెత ఉండేది, దానితోనే ఆయన ఊరంతా నెట్టుకొచ్చాడు. నేను మాత్రం ఎవరికీ తెలియకుండా శాఖా గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని, చదివింది డైరీలో ఎక్కించుకునేదాన్ని.

సమ్మెతో బడి మూతపడ్డ మూడో రోజున జగిత్యాల అక్క ఫోన్ చేసింది. ఆమె నాకు డిగ్రీలో తెలుగు చెప్పిన మేడం, తర్వాత అక్క అయింది. ఉద్యమం మీద మన జిల్లావాళ్ల కథలతో ఒక సంకలనం తెస్తున్నామని, ఒక్కో ఊరినుంచి ఒక్కో కొత్త గొంతు కావాలని, కోరుట్ల నుంచి నువ్వే రాయాలని చెప్పింది. దీక్షా శిబిరంలో కథలు చదివిస్తారట, విన్నవాళ్లు బాగుందంటే అచ్చుకు పోతుందట. నేను ఫోన్‌లో "సరే అక్కా" అన్నాను. (నేను ఫోన్‌లో ఎప్పుడూ "సరే" అనే అనేదాన్ని. కాదనాలంటే కారణం చెప్పాలి కదా.)

వారం రోజులు కూర్చుని రాశాను. కథ పేరు "కన్నీటి కండువా". సిరిసిల్ల నేతన్న ఒకాయన, పేరు వీరయ్య, దీపం వెలుతురులో మరమగ్గం ముందు కూర్చుని పట్టుచీర నేస్తుంటాడు. మగ్గం టకటకమని ఏడుస్తుంటుంది. భార్య వెనక నిలబడి ఆయన చెవిలో తమ కష్టాలు గుసగుసగా చెబుతుంటుంది. చివరి పేజీలో తూర్పున తెలంగాణ సూర్యుడు ఉదయిస్తాడు, వీరయ్య మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెను చేతిలో పట్టుకుని ప్రాణం విడుస్తాడు. రాసి నేనే ఏడ్చాను. అమ్మ బీడీల చాటలోంచి తలెత్తి "కడుపునొప్పా?" అని అడిగింది. ఒక చిన్న సంగతి ఇక్కడ చెప్పాలి: అప్పటికి నేను సిరిసిల్ల చూడలేదు. వేములవాడ దాకా పదిసార్లు పోయాను, అక్కణ్ణుంచి అరగంట దారి, కాని దర్శనం అయ్యాక వెనక్కే వచ్చేవాళ్లం. మా వాడకట్టులో నలభై గడపల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. వాళ్ల మీద కథ రాయొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. రోజూ కంటిముందు ఉండేది కథ ఎట్లా అవుతుంది?

షేర్ ఆటోలో జగిత్యాలకు పోయాను. శిబిరంలో ముందు వరుస నిరాహార దీక్షవాళ్లది, వెనక పరిచిన జంపఖానాల మీద మేం గుండ్రంగా కూర్చున్నాం. అక్క పద్ధతి చెప్పింది. ఒకరు కథ చదవాలి. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు వరుసగా ఒక్కొక్కరు తమకు తోచింది చెప్పాలి. అందరూ అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. నేనట్ల అనుకోలేదు, నా ఉద్దేశం వేరే అని అడ్డం రాకూడదు. ఎందుకంటే పుస్తకం ఎవరింట్లోనో చదువుతుంటే రచయిత పోయి పక్కన నిలబడి వివరించడు కదా. ఆ నియమం విని మిగతావాళ్ల మొహాలు ముడుచుకున్నాయి. నాకు మాత్రం ఉద్యమం మొదలయ్యాక విన్న మంచి వార్త అదే అనిపించింది. నా కథ నేను చదివితే మొదటి వరుసకు కూడా వినపడదని అక్కే చదివింది.

మొదట మాట్లాడిన నలుగురూ "బాగుంది" అన్నారు. ఒకాయన "స్ఫూర్తి ఉంది" అన్నాడు, ఇంకొకాయన "స్ఫూర్తి చాలా ఉంది" అన్నాడు. ఐదో మనిషి కండెల సార్. నాడెలో పెట్టే దారపు చుట్టను కండె అంటారు. ఆయన చిన్నప్పుడు కండెలు చుట్టి, పెరిగాక మరమగ్గాలు నడిపి, అట్లాగే చదువుకుని తెలుగు సారై సిరిసిల్లలో రిటైరైన మనిషి. పేరు వెనక అంత చరిత్ర ఉందని నాకప్పుడు తెలియదు. అందుకే ఆయన నా వైపు తిరిగితే నేను కొంచెం నవ్వాను కూడా.

"బిడ్డా, నీ కథల సాంచె నడుస్తున్నదా, బందున్నదా?" అన్నాడు. సాంచె అంటే మరమగ్గం. నేను జవాబు చెప్పకూడదు కాబట్టి ఆయనే చెప్పుకున్నాడు. "నడుస్తున్నది. టకటకమన్నదని నువ్వే రాసినవ్. నడుస్తున్న సాంచె పక్కపొంటి నిలవడి ఆయన పెండ్లాం గుసగుసలాడింది. ఆయన ఇన్నడు. ఇని ఏడ్చిండు. సాంచెల నడుమ గుసగుస ఇనవడ్డదంటే ఆయన మనిషి గాదు, మొక్కాలె."

జంపఖానా మీద ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. వరుసగా చెప్పుకుంటూ పోయాడు: సాంచె ముందు ఎవరూ కూర్చోరు, ఒక్క మనిషి నాలుగో ఎనిమిదో సాంచెల మధ్య నడుస్తూనే ఉండాలి. దీపం వెలుతురు ఉందంటే కరెంటు లేదు, కరెంటు లేదంటే సాంచె నడవదు. సిరిసిల్లలో సాంచెల మీద నడిచేది పట్టు కాదు. "నువ్వు ఏడనో చేతిమగ్గం బొమ్మ చూసి, దానికి కరెంటు వైరు తలిగించినవ్," అన్నాడు. అది విని నాకే నవ్వొచ్చింది, ఏడుపు వచ్చే ముందు వచ్చే నవ్వు. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గించాడు.

"గివన్ని సుతం దిద్దుకోవచ్చు. గని నీ కథల కన్నీళ్లున్నయి, మనిషి లేడు. మనిషి లేకుంట కన్నీళ్లు ఏడికెళ్లి వచ్చినయి? ఇంకోటి. మా ఊరోళ్లను గింత అల్కగ సంపకు. కోరుట్లల కథలు ఒడిసినయా, ఒక్కటి సుతం మిగల్లేదా?"

చివర్లో రాసినవాళ్లకు ఒక్క మాట మాట్లాడే హక్కు ఉంది. నేను ముందు రోజే ఆ మాట రాసుకుని కంఠస్థం చేసుకుని వచ్చాను, అందులో "నా చిన్న ప్రయత్నాన్ని ఆదరించిన" అని ఉంది. లేచి నిలబడి "సరే సార్" అని కూర్చున్నాను. శిబిరమంతా చప్పట్లు కొట్టింది. కండెల సార్ నా కాగితాలు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. అక్క నన్ను పక్కకు తీసుకుపోయి, మిగతా కథలన్నీ సరే, ఇదొక్కటి ఇట్లా వేయలేనని, పదిహేను రోజుల్లో అచ్చుకు పోతుందని, ఆలోపు మార్చి సార్‌తో సరే అనిపించుకొస్తే ఉంటుందని, లేకపోతే కోరుట్ల పేజీ ఖాళీగా పోతుందని చెప్పింది. ఊరి పేజీ ఖాళీగా పోవడం నా కథ పోవడం కంటే పెద్ద అవమానంగా తోచింది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి నేను రాజన్నకు ఆ మొక్కు డైరీలో రాసుకున్నాను. దాని కిందే ఇంకో వాక్యం: ఇక రాయను.

ఎర్రబడ్డ కళ్లు చూసి అమ్మ అడిగితే ఆటోలో దుమ్ము అన్నాను. దుమ్ము రెండు కళ్లలో సమానంగా పడదని అమ్మకు తెలుసు. మర్నాటికి విషయం లాగేసింది. అప్పుడు మొదలయ్యాయి సామెతలు. అమ్మ ఆకు కత్తిరిస్తూ "కాయలున్న చెట్టుకే రాళ్లు పడుతయి బిడ్డా" అన్నది. పెద్దమామ వచ్చి, నిలబడే, "ఏనుగు పోతుంటే కుక్కలు మొరుగుతనే ఉంటయి" అన్నాడు, కూర్చుని "నవ్విన నాపచేనే పండుతది" అన్నాడు, చాయ్ తాగి "రోట్ల తలకాయ పెట్టినంక రోకటి పోటుకు భయపడితె ఎట్ల?" అన్నాడు. మా బడి పెద్దమేడం ఫోన్ చేసి, దెబ్బలు తిన్న రాయే దేవుడవుతుందని చెప్పి, సమ్మె అయిపోయాక సిలబస్ ఎట్లా పూర్తి చేస్తావో ఆలోచించమని కలిపింది. నన్నెవరు ఓదార్చినా వాళ్లను బాధపెట్టడం ఇష్టంలేక "సరే" అన్నాను. ఓదార్చడం అయ్యాక డైరీ తీసి ఒక్కో సామెత రాసుకుని దాని ఎదురుగా నా సందేహం రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే ఇట్లా ఉంది:

కాయలున్న చెట్టు: కాయలు లేవనే కదా ఆయన అన్నది. ఏనుగు, కుక్కలు: ఇక్కడ కుక్కకు సాంచె తెలుసు, ఏనుగుకు తెలియదు. (అయినా సార్‌ను కుక్క అనడం తప్పు. ఆయన నాకు ఉప్మా ప్లేటు అందించాడు.) నాపచేను: ఎవరూ గట్టిగా నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది. రోకటి పోటు: ఇది ఓదార్పా, బెదిరింపా? దెబ్బలు తిన్న రాయి: ఇది ఒక్కటి పర్వాలేదు, దెబ్బలకు రాయి మారుతుంది. కాని దేవుడయ్యాక రాయి కథలు రాయదు.

రెండు రోజులకు నాకొకటి అర్థమైంది. ఇన్ని సామెతల్లో ఒక్కటి కూడా నా కథలో ఏముందని అడగలేదు. అన్నీ నన్నే చూశాయి, నా కథను చూడలేదు. ఓదార్పు అయ్యేసరికి నేను గొప్పదాన్నయ్యాను, సాంచె మాత్రం అట్లాగే దీపం వెలుతురులో నడుస్తోంది.

ఐదో రోజు డైరీ పట్టుకుని బైండింగ్ చాచా దుకాణానికి పోయాను. చాచా బడి రిజిస్టర్లు కుట్టేవాడు, నా డైరీ కూడా ఆయన కుట్టిందే. రాసిన కాగితాలన్నీ విప్పి తీసేయమని, తెల్ల కాగితాలు ఉంచి కుట్టమని, సిలబస్ రాసుకుంటానని చెప్పాను. చాచా కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. కందిపప్పు కాదని చెప్పలేని మనిషిని, ఆ రోజు ఎట్లా వచ్చిందో మరి, మొత్తం చెప్పేశాను. చాచా సామెత ఏదైనా చెప్తాడేమోనని భయపడ్డాను. ఆయన ఒకటే అడిగాడు.

"పూరా ఇన్నంక అన్నడా, సగంల లేచిపోయి అన్నడా?"

"పూరా విన్నడు చాచా. కాగితాలు సుతం అడిగి తీస్కపోయిండు."

"మరి గాయన తిట్టలేదు బేటీ, కుట్టు ఇప్పిండు." చాచా తన ముందున్న పాత రిజిస్టరు చూపించాడు. దాని వీపు మీద ఎవరో బంక దట్టంగా పూశారు. "ఇగో, కుట్టు తప్పింది. గీళ్లేం జేసిండ్రు, పైకెళ్లి గమ్ము పూసిండ్రు. మస్తు పూసిండ్రు. ఏం నిలవడ్డది? లోపట కుట్టు ఇప్పి మళ్ల కుట్టాలె, గంతే. ఇప్పేటోడు దుష్మన్ గాదు." అని, రాసిన కాగితం ఆయన ఎవరిదీ తీయడని, అది బైండింగ్ పని కాదని, డైరీ నా చేతిలో పెట్టాడు.

సార్ నుంచి ఒక కవరు వచ్చి అప్పటికి రెండు రోజులైంది. ఎవరో ఆటోవాళ్ల చేత పంపించాడు. నేను విప్పకుండా డైరీలో పెట్టుకుని తిరుగుతున్నాను. చాచా దుకాణం మెట్టు మీదే కూర్చుని విప్పాను. నా కథే. ప్రతి పేజీలో పెన్సిల్ గుండ్రాలు. అంచుల్లో చిన్న అక్షరాలతో "ఎవరు?", "ఎక్కడ?", "వినపడదు", "ఎట్ల చూసినవ్?", చివరి పేజీలో తూర్పున ఉదయించిన సూర్యుడి పక్కన "రోజూ ఉదయిస్తడు". తిట్టు ఒక్కటి కూడా లేదు. నాలుగో పేజీలో మాత్రం ఒకచోట గీత కింద టిక్కు ఉంది. వీరయ్య భార్య అన్నం కలిపి పెడుతుంది, ఎంత కడుక్కున్నా ఆమె చేతి పని వాసన ముద్దకు అంటుకునే ఉంటుంది అని రాశాను అక్కడ. దాని పక్కన: "ఇది చూసి రాసినవ్."

అది మా అమ్మ చెయ్యి. పొగాకు వాసన. నేత ఇంట్లో అంత వాసన ఉంటుందో ఉండదో నాకు తెలియదు, తెలియకుండానే మా ఇంటి ముద్ద తీసుకుపోయి సిరిసిల్లలో పెట్టాను. ఆయనకు నన్ను తిట్టడానికి ఎనిమిది పేజీలు దొరికాయి, అయినా ఆ ఒక్క వాక్యాన్ని వదల్లేదు. మెట్టు మీద కాసేపు కూర్చుని, చాచా చాయ్ తాగి, సిరిసిల్ల పోవాలని నిర్ణయించుకున్నాను.

ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. పెద్దమామ తన మోటారు సైకిల్ తీశాడు. ఆయన ఎందుకంత ఉత్సాహంగా ఉన్నాడో దారిలో తెలిసింది: సార్‌తో వాదం పెట్టుకోవడానికి వస్తున్నాడు. "ఆడపిల్లను నలుగుర్ల గట్లంటడా, నాలుగు మాటలు అడుగుత" అని వెనక్కి తిరిగి తిరిగి చెబుతుంటే నేను రోడ్డు వైపు చూడు మామా అని బతిమిలాడుతున్నాను. రుద్రంగిలో రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. పొయ్యిలు దారికి అడ్డం పెట్టారు, తినకుండా ఎవరినీ కదలనివ్వడం లేదు. మామ రెండు విస్తర్లు తిని, మూడోది వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారని అది కూడా తిని, "తెలంగాణ కోసం తిన్న" అని బండి ఎక్కాడు.

సార్ ఇంటి ముందు ఆయన భార్య కూర్చుని కండెలు చుడుతోంది. మేం ఎవరమో చెప్పి, సార్‌తో మాట్లాడాలని మామ అన్నాడు. ఆమె నవ్వింది. "మాట్లాడుడు మీరు మాట్లాడుండ్రి. ఆయనకు గొంతు లేదు. ధర్నాల ఒర్రి ఒర్రి పోయింది. పది దినాలు నోరు ఇప్పద్దన్నడు డాక్టరు."

పది దినాలు. నేను డైరీలో రాసిన గడువే. సార్ మెడకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, నన్ను చూసి, రెండు చేతులూ ఎత్తి రమ్మన్నాడు. ఎవరూ నన్ను అనుమానించడం లేదని నెమ్మదిగా అర్థమయ్యాక కూడా నేను ఆయన మెడ వైపు చూడలేకపోయాను. మామ కుర్చీ లాక్కుని తన సామెతలన్నీ ఒకటొకటిగా దించాడు. సార్ శ్రద్ధగా విన్నాడు, ప్రతి సామెతకూ తల ఊపాడు, ఒకటి రెండు బాగున్నవి కాగితం మీద రాసుకున్నాడు కూడా. ఎదురు చెప్పని మనిషితో వాదం ఎట్లా పెట్టుకోవాలో మామకు అనుభవం లేదు. పావుగంటకే అలసిపోయి నీళ్లడిగాడు.

సార్ లేచి మమ్మల్ని పక్కనే ఉన్న తమ్ముడి సాంచెల షెడ్డుకు తీసుకుపోయాడు. తలుపు తీయగానే చప్పుడు ఎదురొచ్చి కొట్టింది. చెవులకు కాదు, పక్కటెముకలకు. ఎనిమిది సాంచెలు, వాటి మధ్య అడుగు వెడల్పు దారి, ఆ దారిలో ఒక మనిషి ఆగకుండా నడుస్తున్నాడు. కండె అయిపోయిన నాడెలో కొత్తది పెడతాడు, రెండడుగులు వేసి తెగిన పోగు వెతికి ముడివేస్తాడు, అప్పటికి ఇంకో సాంచె ఆగుతుంది. ఆయన ముఖంలో నేను రాసిన దుఃఖం ఎక్కడుందో వెతికాను. ఉన్నా లేకున్నా చూపించుకునే తీరిక ఆయనకు లేదు. తలుపు దగ్గర ఆ సాంచెలు నడిపే మనిషి భార్య నిలబడి రెండు వేళ్లు చూపించి, చెయ్యి తిప్పి, గడ్డం కింద గీసింది. ఆయన తల అడ్డంగా ఊపి అరచేయి చూపించాడు. ఆమె విసురుగా వెనక్కి తిరిగింది. అంతసేపూ పెదవి కదల్లేదు, ఒక పూర్తి గొడవ జరిగిపోయింది. నేను సార్ వైపు చూశాను. ఆయన తన గొంతు చూపించి, సాంచెలు చూపించి, చేతులు దులుపుకున్నాడు: ఇక్కడ గొంతుతో పనేముంది అన్నట్టు.

ఇదంతా పట్టని మామ నా చెవి దగ్గరికి వచ్చి ఏదో అంటున్నాడు. నాకు వినపడక మళ్లీ చెప్పమన్నాను. ఆయన గొంతు పెంచాడు. మళ్లీ వినపడలేదు. ఆయన ఊపిరి నిండా పీల్చుకుని, మెడ నరాలు ఉబ్బేలా, ప్రాణమంతా పెట్టి అరిచాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఎనిమిది సాంచెలూ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, సిరిసిల్ల వాడంతా వినేటట్టు, మా పెద్దమామ గొంతు ఒక్కటే మిగిలింది:

"కుక్కలు మొరుగుతనే ఉంటయి!"

షెడ్డంతా మామను చూసింది. మా వెనకే వచ్చి నిలబడ్డ సార్ భార్య నిదానంగా అడిగింది.

"ఎవల కుక్కలన్నా?"

మామ చుట్టూ చూశాడు, సార్‌ను చూశాడు, తలుపును చూశాడు. "మా ఊర్లయి చెల్లె," అన్నాడు. "శాన అయినయి."

సార్ భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. నడిపే మనిషి గోడకు ఆనుకుని మొదటిసారి నిలబడ్డాడు. చెవుల్లో హోరు ఇంకా తగ్గకముందే అందరికీ మాటలొచ్చాయి. పొద్దుటినుంచి దాచుకున్న మాటలన్నీ కరెంటు వచ్చేలోపు అయిపోవాలన్నట్టు మాట్లాడారు. నడిపే మనిషి భార్య ఇందాక వేళ్లతో అడిగింది ఇప్పుడు నోటితో అడిగింది: రెండు దినాలనుంచి గడ్డం గీసుకోవు, ఈ ముఖంతో మా అక్క కొడుకు పెండ్లిచూపులకు వస్తవా అని. ఆయన పొద్దుటి పప్పులో ఉప్పు లేదన్నాడు. తిన్నప్పుడు చెప్పవు, కరెంటు పోతె చెప్తవా అన్నది. ఇంకో గుమ్మంలోనుంచి ఎవరో మధ్యలో దూరారు. తెలంగాణ వస్తే కరెంటు పోదని ఒకరు, అప్పుడు మనం ఎప్పుడు మాట్లాడుకుందుమని ఇంకొకరు. నేను గోడ పక్కన నిలబడి, సంచిలోంచి డైరీ తీసి, ఇక రాయనని రాసుకున్న పేజీ తర్వాతి పేజీలో రాసుకుంటూ పోయాను.

ఆ కథను ఆరుసార్లు రాశాను. పేరు "కరెంటు పోయినంక". అందులో ఎవరూ చావరు. సాంచెలు ఆగిన పావుగంటలో ఆలుమగలు ఇద్దరు పోట్లాడుకుని, రాజీకి వచ్చేసరికి కరెంటు వస్తుంది. ఆరో ప్రతి చదివి పెద్దమామ ఇందులో ఉద్యమం ఎక్కడుందన్నాడు, కుక్కలు కూడా లేవు కదా అన్నాను. పెద్దవాళ్లకు నేను ఎదురు చెప్పిన మొదటి మాట అదే అయి ఉంటుంది. గడువుకు రెండు రోజుల ముందు మూడు ఆటోలు మారి ఒంటరిగా సిరిసిల్ల పోయాను. సార్‌కు గొంతు వచ్చింది, (ఆ విషయంలో రాజన్న మాట మీద నిలబడ్డాడు) అయినా చదువుతున్నంతసేపూ మాట్లాడలేదు, పెన్సిల్ మాత్రం కదిలింది. కండె మార్చే చోట తప్పు, వరుసలో ఎన్ని సాంచెలో లెక్క తప్పు, రెండు చోట్ల కన్నీళ్లు మళ్లీ ఊరికే వచ్చాయి. చివరి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాడు. కరెంటు వచ్చాక నేను ఒక పేజీ నిండా దాని అర్థం వివరించాను, ఆయన సాంచె నడిచినంక నీ మాట ఎవరికి ఇనవడ్తది అన్నాడు. తర్వాత పైన అక్కకు ఒక్క ముక్క రాశాడు: తీసుకోవచ్చు. కోరుట్ల పేజీ ఖాళీగా పోలేదు.

ఇప్పుడు నాకు ముప్పై దాటింది. అప్పుడప్పుడు ఎవరో పిల్లలు తమ కథలు పంపిస్తారు, వాటిలో ఎవరో ఒకరు తూర్పున సూర్యుడు ఉదయిస్తుంటే చనిపోతూ ఉంటారు. అవి చదివినప్పుడు నాకు ఆ గుండ్రటి జంపఖానా మీద "సరే సార్" అని కూర్చున్న పిల్ల కనబడుతుంది. ఆ పిల్లను ఓదార్చాలని సామెత ఒకటి నోటి దాకా వస్తుంది. దాన్ని మింగి, పెన్సిల్ చెక్కుకుని, మొదటి పేజీ నుంచి చదువుతాను. టిక్కు పెట్టదగ్గ వాక్యం ఒక్కటైనా దొరికేదాకా కవరు మూయను. దొరకడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

కండెల సార్‌ను నేను మళ్లీ చూడలేదు. నాకు పెళ్లై మెట్‌పల్లి వచ్చాను, ఆయన పోయిన సంగతి ఆర్నెల్లకు తెలిసింది. ఆయన అక్కకు ముక్క రాసిచ్చిన ఆ రోజు గడప దాటబోతూ వెనక్కి తిరిగి, దారిపొడుగునా కూడదీసుకున్న ఒక్క ప్రశ్న అడిగాను: సార్, ఇగ నేను రాయొచ్చా? ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. లోపల ఆయన భార్య గిన్నెలు సర్దుతోంది.

"నన్నెందుకు అడుగుతున్నవ్? వద్దంటె ఆగుతవా? ఆగుతనంటె ఇయ్యాల్నే ఆపు, నీకో పని తప్పుతది. ఆగనంటవా, లోపటికి రా బిడ్డా, బువ్వ తిని పో."